శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ సుఖం, నాకూ సుఖం. తిరుత్తణి బస్టాండు దగ్గరి ఆ చిన్న క్లినిక్కులో నన్ను పనికి పెట్టుకున్న పెద్ద డాక్టరుగారు మొదటి వారంలోనే ఈ సంగతి కనిపెట్టి, "కోపం మనుషుల మీద వద్దు, కాగితం మీద చూపించు" అన్నారు. నేను ఆయన మాట తూచా తప్పకుండా పాటించాను. ఎనభైల మొదట్లో మా క్లినిక్కులో గోడకు తగిలించిన అపాయింట్‌మెంటు షీటు అలా పుట్టింది.

అంతకు ముందు అపాయింట్‌మెంట్లన్నీ కాంపౌండరన్న బుర్రలో ఉండేవి. ఆయన మంచివాడు. మంచివాడు కాబట్టే చిక్కు. ఎవరడిగినా కాదనలేడు. టీ కొట్టు దగ్గర ఒకరికి "పదికి రా" అనేవాడు, గుడి మెట్ల కింద పూలు కొంటూ ఇంకొకరికి "పదికి రా" అనేవాడు, క్లినిక్కుకు వచ్చి నాతో ఒక్క మాటా అనేవాడు కాదు. నేను నా పుస్తకంలో పదికి మూడో మనిషిని రాసి కూర్చునేదాన్ని. ముగ్గురూ సరిగ్గా పదికి వచ్చి నా బల్ల ముందు నిలబడి నన్ను చూసేవాళ్ళు, నేను కాంపౌండరన్నను చూసేదాన్ని, ఆయన మందు సీసాలను చూసేవాడు.

ఒకరోజు ఇద్దరు ఆడవాళ్ళు ఒకే టైము కోసం జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వెళ్ళారు. ఆ సాయంత్రం నేను పెద్ద కాగితాలు నాలుగు తెప్పించి, స్కేలు పెట్టి గీతలు గీయడం మొదలుపెట్టాను. ఎడమ పక్కన పైనుంచి కిందికి టైములు, పది నిమిషాలకొక వరస. పైన అడ్డంగా డాక్టర్లు: రోజూ ఉండే పెద్ద డాక్టరుగారు, బుధవారం సాయంత్రం వచ్చే పళ్ళ డాక్టరు, శుక్రవారం మద్రాసు నుంచి వచ్చే డాక్టరమ్మ. ఏ డాక్టరు ఏ గంటలో ఉండరో ఆ గళ్ళన్నీ ఎర్ర పెన్సిలుతో కొట్టేశాను. పెద్ద డాక్టరుగారికి తిరువళ్ళూరులో ఇంకో క్లినిక్కు ఉంది. మంగళవారం, శనివారం మధ్యాహ్నాలు ఆయన అక్కడుంటారు. ఆ గళ్ళూ ఎర్రగా అయిపోయాయి. నెలాఖరుకు తిరువళ్ళూరు నర్సమ్మకు ట్రంకు కాల్ వేసి, వాళ్ళ షీటూ మా షీటూ చదివి చూసుకునేవాళ్ళం. ఒకే మనిషి ఒకే గంటలో రెండు ఊళ్ళలో ఉండకుండా చూసే పని మా ఇద్దరిదీ.

ఒక గడికి ఒక పేరు. కొత్తగా చూపించుకునేవాళ్ళకు రెండు గళ్ళు, ఎందుకంటే వాళ్ళ కథ మొదటినుంచి వినాలి. మళ్ళీ వచ్చేవాళ్ళకు ఒకటి. గంటకొక గడి ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలేదాన్ని, అర్జెంటుగా ఎవరైనా వస్తే దానికోసం. ఇదంతా బాగానే ఉంది, కాంపౌండరన్న నోరు ఎలా కట్టాలి? దానికి చీటీలు కనిపెట్టాను. ప్రతి గడికీ ఒక చీటీ ముందే రాసి, రోజు, డాక్టరు, టైము వేసి, ఒక కొక్కేనికి గుచ్చాను. అపాయింట్‌మెంటు కావాలంటే ఆ చీటీ తీసి చేతికివ్వాలి, షీటులో పేరు రాయాలి. చీటీ లేకపోతే ఆ గడి అయిపోయినట్టే. ఎవరైనా రామంటే చీటీ మళ్ళీ కొక్కేనికి ఎక్కాలి. సాయంత్రం కొక్కేనికి మిగిలిన చీటీలు, షీటులో ఖాళీగా ఉన్న గళ్ళు సరిపోవాలి. సరిపోకపోతే ఎవరో నోటిమాటతో కట్టబెట్టేశారన్నమాట. ఆ ఎవరో ఎవరని నేను అడగాల్సిన పనిలేదు.

"ఏం మా, నన్ను నమ్మవా?" అన్నాడాయన మొదటిరోజు. మా ఊళ్ళో 'అమ్మా' అనే పిలుపు 'మా' అయిపోతుంది.

"నమ్ముతానన్నా. అందుకే చీటీలు కొక్కేనికి పెట్టినాను, నా బీరువాలో పెట్టలా."

ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు తనే ఒక పెద్దమనిషితో "చీటీ లేదు సార్, గడి నిండిపోయింది, శనివారం రండి" అని చెప్పడం విన్నాను. లేదని చెప్పే బాధ చీటీ తన నెత్తిన వేసుకుందని ఆయనకు అర్థమైపోయింది. అప్పటినుంచి షీటు గురించి నాకంటే ఎక్కువ గొప్పలు చెప్పింది ఆయనే.

ఇక డాక్టరమ్మ సంగతి. ఆవిడ మద్రాసులో పెద్ద ఆసుపత్రిలో పనిచేసి, శుక్రవారం పొద్దున రైల్లో మా ఊరికి వచ్చేది. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా చూసి, భోంచేసి, మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయేది. ఆవిడ రాకముందు మా క్లినిక్కులో ఆడవాళ్ళు ఏ జబ్బు చెప్పేవాళ్ళో తెలుసా? తలనొప్పి. పల్లిపట్టు వైపు నుంచి, నేతగాళ్ళ వీధుల నుంచి, పొలాల నుంచి బస్సెక్కి వచ్చి, పెద్ద డాక్టరుగారి ఎదురుగా కూర్చుని, తలనొప్పి సార్ అనేవాళ్ళు. ఆయన తలనొప్పికి మాత్ర రాసేవారు. వాళ్ళు ఆ మాత్ర కొంగున కట్టుకుని, అసలు బాధ అసలు చోటే పెట్టుకుని ఇంటికెళ్ళేవాళ్ళు. డాక్టరమ్మ వచ్చిన మూడు నెలలకు తలనొప్పులు తగ్గిపోయాయి. ఆవిడ గది తలుపు వేసుకున్నాక లోపల ఏం చెప్పుకునేవాళ్ళో నాకు తెలియదు కానీ, బయటికి వచ్చేటప్పుడు ఆ ముఖాలు చూస్తే నాకు కడుపు నిండేది. అందుకే ఆ శుక్రవారాలంటే నాకంత పట్టుదల.

ఆ శుక్రవారాలే చేయి జారిపోయేలా ఉన్నాయి. తెల్లటి షీటు మీద అంత చక్కగా రాసి ఉన్నా, డాక్టరమ్మ గది ముందు పదిన్నర తర్వాత ఈగలు తోలుకునే పరిస్థితి. ఆవిడ బెల్లు కొట్టేది, నేను పేరు పిలిచేదాన్ని, బెంచీ మీద ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఆవిడ తను తెచ్చుకున్న పత్రిక చదువుకునేది. పన్నెండు కొట్టేసరికి ఎక్కడినుంచి ఊడిపడేవాళ్ళో, పదిన్నరవాళ్ళు, పదకొండువాళ్ళు, పన్నెండువాళ్ళు అందరూ ఒక్కసారిగా వచ్చి పడేవాళ్ళు. ఒక్కో టైముకు ఇద్దరు ముగ్గురు. ఆవిడ భోజనం లేదు, నీళ్ళు లేవు. రెండుసార్లు రైలు తప్పిపోయింది. రెండోసారి రాత్రి ఎప్పుడో ఇల్లు చేరిందట, ఇంట్లో చిన్నపిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయిందట.

ఆ తర్వాతి శుక్రవారం ఆవిడ నా బల్ల దగ్గరికే వచ్చింది. ఆవిడ మాట్లాడేది తమిళం, నేను తెలుగులో చెబుతున్నాను. "నీ షీటు చూడ్డానికి అందంగా ఉంది. కానీ ఒకే టైముకు ఇద్దర్ని రాస్తున్నావు. తిరువళ్ళూరులో ఇంకో ఆసుపత్రివాళ్ళు శుక్రవారాలు తమ దగ్గరికి రమ్మంటున్నారు. అది నాకు దగ్గర, రైళ్ళు కూడా ఎక్కువ. ఈ నెలాఖరు దాకా చూస్తాను. ఇలాగే ఉంటే వచ్చే నెల షీటులో నా పేరు రాయొద్దు."

ఒకే టైముకు ఇద్దర్ని రాస్తున్నానట! నేను! నా ఒంట్లో రక్తం మొత్తం చెవుల్లోకి ఎక్కింది. డాక్టరమ్మ కాబట్టి నోరు మూసుకున్నాను. ఆవిడ రైలెక్కగానే షీటు బల్లమీద పరిచి ఒక్కో గడీ చూశాను. ఒక గడికి ఒకే పేరు. అదే పేరు రెండుచోట్ల ఉందేమోనని పైనుంచి కిందికి చదివాను, లేదు. చీటీలు లెక్కపెట్టాను, సరిపోయాయి. అంటే కాగితం మీద తప్పు లేదు. మరి తప్పు ఎక్కడుంది? సహజంగానే కాంపౌండరన్న దగ్గర ఉందనుకున్నాను.

"అన్నా, నిజం చెప్పు. శుక్రవారం వాళ్ళకు పన్నెండుకు రమ్మని నువ్వేనా చెప్తా ఉండేది?"

"నా బిడ్డల మీద ఒట్టు మా. నేను యాడా చెప్పలా. చీటీలో ఏముంటే అదే."

"మరి ఎందుకు రారు వాళ్ళు?"

"ఎట్లా వస్తారు?" అని ఆయన తిరిగి నన్నే అడిగి, మందు కలపడానికి వెళ్ళిపోయాడు. ఆ మాటను నేను ఎదురుతిరుగుడు కింద జమకట్టి, మూతి ముడుచుకుని కూర్చున్నాను. అది ప్రశ్న కాదు, జవాబని నాకు తట్టలేదు.

ప్రతి సాయంత్రం షీటు అడుగున ఆ రోజు లెక్క వేయడం నా అలవాటు: రాసినవాళ్ళు ఎంతమంది, వచ్చినవాళ్ళు ఎంతమంది, రానివాళ్ళు, చీటీ లేకుండా వచ్చినవాళ్ళు, అందులో కొత్తవాళ్ళెందరు, పాతవాళ్ళెందరు. శుక్రవారం ఆ లెక్క చూస్తే లోటేమీ లేదు. రాసినవాళ్ళందరూ వచ్చారు. రోజు మొత్తం కలిపి చూసే లెక్క కాబట్టి, ఏ గంటలో ఏం జరిగిందో అది చెప్పదు. అందుకని ఆ వారం కొత్త పని పెట్టుకున్నాను. మనిషి గుమ్మం దాటగానే వాళ్ళ పేరు పక్కన వచ్చిన టైము పెన్సిలుతో రాయడం. మిగతా రోజుల్లో అందరూ కొంచెం అటూ ఇటూగా చీటీ టైముకే వచ్చారు. శుక్రవారం మాత్రం డాక్టరమ్మ వరసలో పదిన్నర నుంచి పన్నెండు దాకా ఒక్కరూ లోపలికి రాలేదు. ఇంకో విచిత్రం, ఆ గళ్ళలో ఉన్న పేర్లు ఎక్కువభాగం కొత్తవాళ్ళవి. పాతవాళ్ళు డాక్టరమ్మ గదిలోంచి బయటికి వస్తూనే వచ్చే వారానికి పొద్దుటి చీటీలు పట్టుకుపోయేవాళ్ళు. వారం మధ్యలో వచ్చి అడిగే కొత్తవాళ్ళకు నడిమి చీటీలే మిగిలేవి.

ఆ నెలలో ఇంక రెండే శుక్రవారాలున్నాయి. మొదటిదాంట్లో పదిన్నర దాటగానే నాకు కూర్చోబుద్ధి కాలేదు. బెంచీ ఖాళీ, గదిలో డాక్టరమ్మ పత్రిక తిరగేస్తున్న చప్పుడు. గాలి కోసం కిటికీ తెరిచాను. రోడ్డుకు అవతల సైకిళ్ళు బాడుగకిచ్చే కొట్టు అరుగు మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. మల్లెపూలు పెట్టుకుని, మంచి చీరలు కట్టుకుని, కాళ్ళు వేలాడేసుకుని, మా క్లినిక్కు వైపే చూస్తూ! వాళ్ళ చేతుల్లో తెల్లగా మెరుస్తున్నవి నా చీటీలే.

రోడ్డు ఎలా దాటానో నాకు తెలియదు. బస్సువాడు హారన్ కొట్టాడు.

"ఏమవ్వా, ఆడ డాక్టరమ్మ కాచుకోని ఉంటే ఈడ కూర్చోని ఏం చేస్తా ఉండారు?" అన్నాను, అందరికంటే పెద్దావిడను పట్టుకుని. అత్తిమంజేరిపేట నుంచి మనవరాలిని తీసుకొచ్చిన అవ్వ. ఆ పిల్లకు మొదటి కాన్పు. చీటీలో పది నలభై అని నేనే రాశాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "పొద్దున మొదటి బస్సుకే వచ్చేసినాము మా. పన్నెండు కొట్టనీ, వస్తాము."

"పన్నెండుకు ఎందుకు? నీ చీటీలో ఏముంది?"

"చీటీలో ఏముంటే ఏం? రాహుకాలం గదా. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. తొలిసారి బిడ్డను డాక్టరు దగ్గిరికి తీసుకుపొయ్యేది రాహుకాలంలోనా? ఏం మా, మీ ఇంట్లో చెప్పలేదా?"

మా ఇంట్లో చెప్పలేదు. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం. మా నాయన ఫ్యాక్టరీ సైరను ప్రకారం రైలెక్కేవాడు. మా అమ్మ ప్రార్థన చేసుకుని పొయ్యి ముట్టించేది. రాహుకాలం అనే మాట క్యాలెండరు కింద చిన్న అక్షరాల్లో చూశాను కానీ, దాని కోసం జనం మల్లెపూలు పెట్టుకుని సైకిలు కొట్టు అరుగు మీద గంటన్నర కూర్చుంటారని నాకు ఎవరు చెప్పాలి? నిలబడ్డచోటే నాకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి అవ్వ ముఖం ముడుచుకుంది.

"నీ మీద కాదు అవ్వా, నా మీద నేనే నవ్వుకుంటా ఉండాను. చీటీ ఇచ్చేటప్పుడు చెప్పి ఉండొచ్చు గదా ఈ మాట?"

"నువ్వు రాసి ఇస్తివి. పెద్ద చదువు చదివినట్టు ఉండావు. నిన్ను కాదనేది ఎందుకని సరి అన్నాము. మేము వచ్చే టైముకి మేము వస్తాము."

పక్కనున్న ఇంకొకామె, పాత పేషెంటు, లేచి చీర దులుపుకుంది. "నేను పోతా మా. నాది మొదలైపోయింది గదా, ఇది నాలుగో తడవ. నాకు రాహుకాలం లేదు. ఈళ్ళంతా కూర్చోని ఉంటే ఊరికే మాటలకు కూర్చుంటిని." ఆమె నా వెనకే రోడ్డు దాటింది. మొదలుపెట్టే పనికే రాహుకాలం అడ్డు, నడుస్తున్న పనికి లేదు. ఆ ఒక్క మాటతో నా తలలో గళ్ళన్నీ చకచకా జరిగిపోయాయి.

క్లినిక్కులోకి వస్తూనే కాంపౌండరన్న మీద పడ్డాను. "అన్నా! రాహుకాలం అని నువ్వు ఒక్క మాట చెప్పి ఉండకూడదా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "దాన్ని గూడా చెప్పాలా? పొద్దు పొడస్తుందని ఎవురన్నా చెప్తారా? తెలిసే ఆ గళ్ళలో రాసినావు, వాళ్ళు పన్నెండుకు వస్తారని తెలిసే రాసినావు అనుకుంటిని." అప్పుడు అర్థమైంది, "ఎట్లా వస్తారు" అన్నది ఎందుకో. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే షీటులో రాస్తూ, రెండు గడియారాలు చూసుకుంటున్నాం.

ఆ సాయంత్రం షీటు ముందు ఇద్దరం కూర్చున్నాం. ఆఖరి శుక్రవారానికి ఇచ్చిన చీటీలన్నీ తిరగరాయాలి. కొత్తవాళ్ళను తొమ్మిదినుంచి పదిన్నరలోపు పెట్టాలి, మిగిలితే పన్నెండు తర్వాత. పాతవాళ్ళను నడిమికి జరపాలి. మా చర్చివాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ళకు ఏ గడైనా ఒకటే. కానీ పాతవాళ్ళలోనూ కొందరు ఒప్పుకోరు, నాకు తెలుసు. గుండెలో గుబులున్న మనిషికి ఇది మొదలైన పని, అది కాని పని అని మనం గీత గీసి చెప్పలేం. అక్కడ నేను చిక్కుపడిపోయాను.

కాంపౌండరన్న గడ్డం గోక్కుని, "తూకం" అన్నాడు.

"ఏం తూకం?"

"ఎట్లాగూ డాక్టరమ్మ చూసేముందు బరువు చూడాల, కార్డు రాయాల. అది నేను పదింపావుకంతా చేసేస్తాను. రాహుకాలానికి ముందే మొదలుపెట్టేసినట్టు అవుతుంది. ఇంక డాక్టరమ్మ దగ్గిరికి పొయ్యేది మొదలు కాదు, నడిచే పనే. మా ఇంట్లో రాహుకాలంలో ఊరికి పోవాల్సి వచ్చినా అంతే, ముందే ఒక సంచి పక్కింట్లో పెట్టేసి వస్తాము."

ఆయన్ని నేను కౌగిలించుకోలేదు కానీ, ఆయన టీకి చక్కెర రెండు చెంచాలు వేయించాను. మరుసటి రోజునుంచి ఆయన సైకిలు, మా ఊరికొచ్చే బస్సుల కండక్టర్లు, నా నోరు, మూడూ పనిచేశాయి. ఇచ్చిన ప్రతి చీటీ వెనక్కి తెప్పించి, కొత్త టైముతో చీటీ పంపించాం. పాత చీటీ చేతికొచ్చి కొక్కేనికి ఎక్కేదాకా ఆ గడిలో కొత్త పేరు రాయనివ్వలేదు. తొందరపడితే ఈ మార్పిడిలోనే నిజంగా ఒక టైముకు ఇద్దరు పడేవాళ్ళు.

డాక్టరమ్మకు చెప్పకుండా చేస్తే బాగుండదని పెద్ద డాక్టరుగారు ఆవిడకు ఫోను చేయించి నాకు ఇచ్చారు. చెప్పాను. "పంచాంగం చూసి నా క్లినిక్కు నడుపుతావా?" అంది.

"నేను పంచాంగం చూసేదాన్ని కాదు డాక్టర్. మా ఇంట్లో అది లేదు. ఎవరు ఎప్పుడు వస్తారో చూసి నడుపుతాను."

నా పని పోయిందనుకున్నాను. "కొత్తవాళ్ళంతా పొద్దున్నే వస్తారా?" అని అడిగింది. వస్తారన్నాను. "అయితే రక్తం, మూత్రం పరీక్షలకు అప్పుడే పంపించొచ్చు. పన్నెండు తర్వాత రిపోర్టు చూసి అదేరోజు మందు రాసేస్తాను, మళ్ళీ రావక్కర్లేదు. చివర రెండు గళ్ళు దానికి ఉంచు." అంటే ఆవిడ కూడా గళ్ళలో ఆలోచించడం మొదలుపెట్టింది. ఫోను పెట్టేసి, షీటులో ఆ చివరి రెండు గళ్ళకు అప్పుడే గుర్తు పెట్టేశాను.

ఆ ఆఖరి శుక్రవారం నేను మామూలుకంటే ముందే వెళ్ళి బల్ల తుడిచాను, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాను. తొమ్మిదికి అవ్వ మనవరాలి పేరు మొదటి గడిలో ఉంది, పోయిన వారం రాసిన పరీక్షల రిపోర్టు చూపించుకోవాలి, నడిమి గడి అంటే అవ్వ ఒప్పుకోదు. రాహుకాలం లేని గడి ఇచ్చాను కదా, అవ్వ సైకిలు కొట్టు వైపు కన్నెత్తైనా చూడకుండా నేరుగా లోపలికి నడిచింది. ఒకరి తర్వాత ఒకరు. పదికి కాంపౌండరన్న తూకం దగ్గర కేకలు పెట్టడం మొదలుపెట్టాడు: "రండి మా, రండి, సీక్కిరం! పదిన్నరకు ముందే మొదలు పెట్టేస్తాము!" ఆడవాళ్ళు చెప్పులు విడిచి తూకం ఎక్కి దిగి, కార్డు చేతపట్టుకుని, హాయిగా బెంచీల మీద కూర్చున్నారు.

పదిన్నర అయింది. డాక్టరమ్మ బెల్లు కొట్టింది. నేను పేరు పిలిచాను. ఒకామె లేచి లోపలికి వెళ్ళింది. అంతే. రోజూ జరిగేదే, ఏ క్లినిక్కులోనైనా జరిగేదే. నా కళ్ళకు మాత్రం తేరు కదిలినట్టు అనిపించింది. కాంపౌండరన్న అటునుంచి నన్ను చూసి బొటనవేలు ఎత్తాడు. నేను పెన్సిలుతో టిక్కు పెట్టాను, పక్కన వచ్చిన టైము రాశాను.

పదకొండు దాటాక పల్లిపట్టు బస్సులో కళ్ళు తిరిగి పడిపోయిన ఒక గర్భిణిని ఇద్దరు మోసుకొచ్చారు. చీటీ లేదు, పేరు లేదు. బెంచీల నిండా మనుషులు. గంటకొకటి వదిలిన ఖాళీ గడి ఉంది కదా, దాంట్లోకి పంపించాను. బెంచీ మీదున్నవాళ్ళెవరూ గొణగలేదు, ఎందుకంటే ఎవరి టైమూ పోలేదు. సెలైను ఎక్కించాక ఆ పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళడిగింది.

పన్నెండు కొట్టింది. నేను గుమ్మం వైపు చూశాను, అలవాటు కొద్దీ భయంతో. ఎవరూ విరుచుకుపడలేదు. పన్నెండు గడిలో ఎవరి పేరుందో ఆ ఒక్కామె, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతోంది. పొద్దున పరీక్షకు వెళ్ళినవాళ్ళు రిపోర్టులతో తిరిగి వచ్చి చివరి గళ్ళలో ఒదిగిపోయారు. ఒంటిగంటకు ముందే డాక్టరమ్మ గది తలుపు బార్లా తెరుచుకుంది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "అయిపోయిందా? ఇంకెవరూ లేరా?" అంది, నమ్మలేనట్టు.

"లేరు డాక్టర్. రాసినవాళ్ళందరూ వచ్చారు, చీటీ లేకుండా వచ్చింది ఒక్కరే. ఇదిగో లెక్క."

ఆవిడ షీటు మీదికి వంగింది. వెనకటి శుక్రవారాల కంటే ఎక్కువమందిని చూసిందని తనకే తెలియలేదు. నా పెన్సిలు టైములమీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదువుతూ పోయింది. ఏదో అంటుందని చూస్తున్నాను.

అంతలో నా బల్ల ముందు వరస కట్టేశారు, వచ్చేసారికి చీటీలు కావాలని. అందరికంటే ముందు అవ్వ. మనవరాలిని మళ్ళీ నాలుగు వారాలకు రమ్మని డాక్టరమ్మ కార్డు మీద రాసింది. నాలుగు వారాలంటే వచ్చే నెల. వచ్చే నెల షీటు గీశాను కానీ, డాక్టరమ్మ వరస మీద పేరు రాయలేదు. చీటీలూ లేవు. ఏం చెప్పను?

"ఏం మా, చీటీ లేదా?" అంది అవ్వ.

"చీటీ నా చేతిలో లేదవ్వా. డాక్టరమ్మ వస్తానంటే ఉంటుంది. అదో, ఆడే ఉండారు, నువ్వే అడుగు."

అవ్వ వెంటనే అటు తిరిగింది. ఆ వరసలో ఉన్న అందరూ తిరిగారు. "ఏం తాయీ, వస్తావా రావా? నా మనవరాలికి కాన్పు నీ చేతనే అని నేను ఊర్లో చెప్పేసినాను."

డాక్టరమ్మకు తెలుగు అంతంతమాత్రం. కానీ ఆ ప్రశ్నకు తర్జుమా అక్కర్లేదు. ఆవిడ వరసలో ఉన్న ముఖాలన్నీ ఒకసారి చూసింది. నా వైపు తిరిగి, ఆ రోజు వరకు నాతో ఎప్పుడూ వాడని తెలుగులో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది: "రాయి. అన్ని శుక్రవారాలు రాయి. తిరువళ్ళూరులో దిగి, రానని చెప్పేసి పోతాను."

నేను రాయలేదు. ముందు బల్ల కింద తల పెట్టి, చీటీల కాగితం వెతుకుతున్నట్టు నటిస్తూ, కళ్ళు తుడుచుకున్నాను. తల ఎత్తేసరికి కాంపౌండరన్న అప్పటికే కాగితం చింపి, ముక్కలు చేసి, నా ముందు పేర్చి పెట్టాడు. వచ్చే నెల షీటు మీద డాక్టరమ్మ పేరు పెద్ద అక్షరాలతో రాశాను. మొదటి చీటీ అవ్వకిచ్చాను.

అవ్వ దాన్ని చదవలేదు, చదువు రాదు. వేలితో తడిమి, "ఎప్పుడు?" అంది.

"శుక్రవారం, తొమ్మిదికి," అన్నాను.

"సరి. ఇంక నువ్వు రాసిన టైముకే వస్తాను," అంది అవ్వ, చీటీని కొంగున కట్టుకుంటూ.